98 శాతం అని చెప్పి అంటగట్టిన బిల్లుల రీడింగ్ సాఫ్ట్‌వేర్: కొనేముందు ఇది చదవండి

ఈఆర్‌పీలోకి కొనుగోలు బిల్లులను తానే చదివి ఎక్కించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ కోసం కొటేషన్లు తెప్పించుకుంటున్న జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి యూనిట్ల వారికి ఈ హెచ్చరిక. గచ్చిబౌలి నుంచి వచ్చి, ప్రతి పారిశ్రామిక సమావేశంలోనూ పెద్ద తెర పెట్టి, స్కాన్ చేసిన బిల్లు రెండు క్షణాల్లో వోచరుగా మారడాన్ని చూపించే సంస్థ ఏదో మీకు తెలుసు. పేరు రాయను. 98 శాతం ఖచ్చితంగా చదువుతుందని చెప్పి మాకు అమ్మింది వారే. స్కానరు, లైసెన్సు, అమలు ఖర్చు, ఏఎంసీ అన్నీ కట్టాక కూడా మేము ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు చెల్లించాం. అది బయటపడిన తర్వాత వారు మాట్లాడిన తీరు వల్లే ఇది ఇంత కోపంతో రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను. మా యంత్రాల మరమ్మతు చూసే ఒక చిన్న సంస్థ 1,56,000 రూపాయల పనికి 18 శాతం జీఎస్టీ కలిపి 1,84,080 రూపాయల బిల్లును పీడీఎఫ్‌గా మెయిల్‌లో పంపింది. సాఫ్ట్‌వేర్ దాని నంబరును `SE/25-26/0185` అని సరిగ్గానే చదివింది, బిల్లు వోచరైంది, డబ్బు వెళ్లింది. కొన్ని వారాల తర్వాత అదే బిల్లు కాగితం ప్రతి గేటు దగ్గరికి వచ్చింది. సెక్యూరిటీ వారు అలవాటు ప్రకారం దానిమీద ఇన్‌వార్డ్ స్టాంపు కొట్టారు, ఆ స్టాంపు గీత సరిగ్గా నంబరు మీదుగా పోయింది. స్కాన్ చేస్తే ఈసారి నంబరు `SE/25-26/O1B5` అయింది, అంటే సున్నా స్థానంలో ఓ అక్షరం, ఎనిమిది స్థానంలో బి అక్షరం వచ్చాయి. మా ఈఆర్‌పీ డూప్లికేట్ తనిఖీ సరఫరాదారు కోడు, బిల్లు నంబరు, తేదీ ఈ మూడూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే ఆపుతుంది. నంబరు వేరు కాబట్టి దానికి ఇది కొత్త బిల్లే. సరుకు బిల్లయితే మనం ఇచ్చిన ఆర్డరు పీఓతో, సరుకు అందినట్టు గోదాములో తీసిన జీఆర్‌ఎన్‌తో పోల్చినప్పుడు పరిమాణం మించిపోయి అక్కడైనా ఆగేది. మరమ్మతు బిల్లుకు జీఆర్‌ఎన్ ఉండదు. అందుకే అది నేరుగా చెల్లింపుల జాబితాలోకి వెళ్లిపోయింది.

ఇది సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, సరఫరాదారులు అప్‌లోడ్ చేసిన బిల్లులను చూపే జీఎస్టీఆర్-2బీ వల్ల బయటపడింది. నెలనెలా మా పుస్తకాలను 2బీతో సరిపోల్చే అమ్మాయి, మన పుస్తకాల్లో ఉండి 2బీలో లేని బిల్లుల జాబితా తీసినప్పుడు ఈ విచిత్రమైన నంబరు కనిపించింది. సరఫరాదారు ఒకే బిల్లును అప్‌లోడ్ చేశాడు కాబట్టి రెండోది అక్కడ ఉండే అవకాశమే లేదు. ఆ సరికే డబ్బు వెళ్లిపోయింది. ఆయన ఇప్పుడు దాన్ని ఏవో పాత బాకీల కింద జమ కట్టుకున్నానంటున్నాడు, అది వేరే తగాదా.

యంత్రం ఒక అక్షరాన్ని తప్పు చదివినందుకు నాకు కోపం లేదు. స్టాంపు పడ్డ కాగితాన్ని మనిషి కూడా తప్పు చదువుతాడు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ తాను చదివిన ప్రతి గడికీ ఒక కాన్ఫిడెన్స్ స్కోరు ఇస్తుంది, మనం పెట్టిన థ్రెషోల్డ్ కంటే ఆ స్కోరు తక్కువైతే బిల్లును ఎక్సెప్షన్ క్యూలో పెట్టి మనిషికి చూపిస్తుంది. మేము ఒప్పుకున్న థ్రెషోల్డ్ 90. లాగ్ తెరిచి చూస్తే ఆ రెండో బిల్లు నంబరుకు వచ్చిన స్కోరు 81. అంటే తన చదువు మీద తనకే అనుమానం ఉందని యంత్రం నిజాయితీగా చెప్పింది. మరి ఆ బిల్లు క్యూలో ఎందుకు ఆగలేదని అడిగితే, వారి ఇంప్లిమెంటేషన్ మేనేజరు తడుముకోకుండా ఇచ్చిన జవాబు ఇది: "ఎక్సెప్షన్లు ఎక్కువ వస్తున్నాయని మీ వాళ్లే కదండీ గొడవ చేశారు, అందుకే గో లైవ్‌కి ముందు 75కి తగ్గించాం."

ఒక మెయిల్ లేదు, ఒక ఫోను లేదు, మార్పుల పత్రంలో ఒక పంక్తి లేదు. మా తాళం వారు తీసేసి, తలుపు ఎంత సులభంగా తెరుచుకుంటోందో చూడమని మాకే చూపించారన్నమాట. పైగా మా అకౌంట్స్ వారందరూ కూర్చుని ఉండగా ఆయన, "98 శాతం అంటే 2 శాతం తప్పులుంటాయని లెక్కలు రాసేవాళ్లకు వేరే చెప్పాలా?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోను.

ఆ 98 శాతం సంగతే అసలు కథ. కొనేముందు దేనిలో 98 శాతం అని అడగని నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి. ఆ అంకె ఎలా పుడుతుందో ఇప్పుడు తవ్వి తీశాను. క్యూలో ఆగిన బిల్లును మా గుమాస్తా తెరిచి ఏదైనా గడిని దిద్దితే అది ఒక తప్పుగా నమోదవుతుంది. దిద్దని గడులన్నీ ఒప్పు కింద లెక్క. ఇక క్యూకు రాకుండా నేరుగా పోస్టు అయిపోయిన బిల్లును ఎవరూ తెరవరు కాబట్టి ఎవరూ దిద్దరు, కాబట్టి వారి నివేదికలో అది నూటికి నూరు శాతం ఒప్పు! రెండుసార్లు చెల్లించిన మా బిల్లు ఈనాటికీ ఆ నివేదికలో ఒక్క తప్పూ లేని బిల్లుగానే ఉంది.

దీని పర్యవసానం ఏమిటో మా అంకెలతోనే చూడండి. ఒక నెలకు 600 బిల్లులు, బిల్లుకు 10 గడులు, మొత్తం 6,000 గడులు. గో లైవ్‌కి ముందు థ్రెషోల్డ్ 90 ఉన్న ట్రయల్ నెలలో 240 బిల్లులు క్యూలో ఆగాయి, మా వారు 180 గడులు దిద్దారు, నివేదిక 97 శాతం చూపించింది. 75కి దించిన తర్వాతి నెలలో 90 బిల్లులే ఆగాయి, దిద్దింది 90 గడులే, నివేదిక 98.5 శాతానికి ఎగబాకింది. బిల్లులు అవే, స్కానరు అదే, యంత్రం కొత్తగా నేర్చుకున్నదీ ఏమీ లేదు. చూసే కళ్లు తగ్గాయి, అందుకని ఖచ్చితత్వం పెరిగింది. ఈ లెక్క ప్రకారం క్యూను పూర్తిగా ఎత్తేస్తే 100 శాతం వస్తుంది. ఒప్పందం ప్రకారం చివరి వాయిదా చెల్లించడానికి ప్రమాణం కూడా ఈ నివేదికే, అది తయారుచేసేదీ వారే.

అందుకని మేమే ఒక పరీక్ష పెట్టుకున్నాం. క్యూకు రాకుండా పోస్టయిన బిల్లుల్లోంచి మాత్రమే 200 బిల్లులను ఏరుకోకుండా తీసి, గడి గడినీ అసలు కాగితంతో పోల్చాం. 2,000 గడుల్లో 21 తప్పు, అంటే దాదాపు 99 శాతం ఒప్పు. వారు ఈ అంకెను చూస్తే పండగ చేసుకుంటారు. కానీ ఆ 21 తప్పులు 17 బిల్లుల్లో ఉన్నాయి, అంటే ఎవరూ చూడకుండా పుస్తకాల్లోకి వెళ్లిన ప్రతి వంద బిల్లుల్లో ఎనిమిదిన్నర బిల్లుల్లో ఏదో ఒక తప్పు ఉంది. పైగా తప్పులు అన్ని గడుల్లోనూ సమానంగా పడవు. జీఎస్టీఐఎన్‌లో ఒక్క తప్పూ లేదు, ఎందుకంటే దాని 15 అక్షరాల్లో చివరిది ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కకట్టే తనిఖీ అక్షరం, ఒక్క అక్షరం తప్పు చదివినా లెక్క కుదరక బిల్లు ఆగిపోతుంది. మొత్తాల్లోనూ లేదు, అసలు విలువకు పన్ను కూడితే మొత్తం రావాలి కాబట్టి. బిల్లు నంబరుకు అలాంటి కాపలా ఏదీ లేదు. 16 అక్షరాలు మించకూడదన్నట్టి ఒకటి రెండు నిబంధనలు తప్ప, ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు వేసుకుంటారు. ఆ 21లో 9 తప్పులు బిల్లు నంబరులోనే వచ్చాయి. మరో 6 తేదీలో, ఆగస్టు 5ను మే 8గా చదవడం వంటివి. మిగిలినవి పీఓ నంబరు, చిరునామా వంటి చోట్ల ఉన్నాయి. డూప్లికేట్ తనిఖీ సరఫరాదారు కోడుతో పాటు ఏ రెండు గడుల మీద నిలబడుతుందో సరిగ్గా ఆ రెండే అన్నిటికంటే బలహీనమైనవని తేలింది, సగటు తీసిన 99 మాత్రం ఆ మాట చెప్పదు.

ఈ పరీక్ష ఫలితాలు ముందు పెట్టి డబ్బు వాపసు అడిగితే, ఒప్పందంలో సిస్టమ్ నివేదికే ప్రమాణమని రాసి ఉందని, మా పరీక్ష చెల్లదని వారి లీగల్ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. ఈ-ఇన్వాయిస్‌ల మీద ఉండే క్యూఆర్ కోడును చదివితే నంబరు, తేదీ, మొత్తం, ఇద్దరి జీఎస్టీఐఎన్‌లూ తప్పు లేకుండా వస్తాయి కదా, అది ఎందుకు పెట్టలేదని అడిగితే, అది వేరే మాడ్యూల్ అని, దానికి వేరే ధర అని మరో కొటేషన్ జత చేశారు! 5 కోట్ల టర్నోవరు దాటిన సరఫరాదారులకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కాబట్టి మన పెద్ద సరఫరాదారుల బిల్లులకు ఓసీఆర్ అవసరమే చాలావరకు ఉండదు, ఆ సంగతి డెమోలో ఎవరూ చెప్పరు. మా మరమ్మతు సంస్థ లాంటి చిన్నవారికి మాత్రం అది పనిచేయదు, వారి బిల్లు మీద ఆ కోడు ఉండదు.

కొనక తప్పని వారికి రెండు మాటలు. క్యూకు రాకుండా వెళ్లిన బిల్లుల్లోంచి నెలనెలా కొన్నింటిని తీసి మీ వారే పోల్చి చూస్తారని, తప్పున్న బిల్లుల శాతమే ప్రమాణమని, థ్రెషోల్డ్ మార్చాలంటే మీ రాతపూర్వక అనుమతి కావాలని ఒప్పందంలో రాయించండి, బిల్లు నంబరుకూ తేదీకీ థ్రెషోల్డ్ విడిగా ఎక్కువ పెట్టించండి. డూప్లికేట్ తనిఖీని మీ ఈఆర్‌పీ వారితోనే మార్పించుకోండి: నంబరులోని గీతలూ చుక్కలూ తీసేసి, `O`ను `0`గా, `I`ని `1`గా, `S`ను `5`గా, `B`ని `8`గా మార్చాక పోల్చాలి, అలా కలవకపోయినా ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒకే సరఫరాదారుకు ఒకే మొత్తం రెండోసారి వస్తే మనిషి చూసేదాకా ఆపాలి. నెలవారీ అద్దె, ఏఎంసీ బిల్లులు కూడా అలా ఆగుతాయి, ఆగనివ్వండి. మా ఈఆర్‌పీ కుర్రాడు ఈ మార్పును ఒక్క మధ్యాహ్నంలో చేసేశాడు, పాత వోచర్ల మీద నడిపిస్తే `0185`, `O1B5` రెండూ పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి.