అంతా నిఫ్టీలోనేనా, కొంత అమెరికాలోనూ పెట్టాలా?

జీతం, ఇల్లు, పీఎఫ్ అన్నీ రూపాయల్లోనే ఉన్నవాళ్లు షేర్లు కూడా ఇక్కడివే కొంటే, దేశానికి దెబ్బ తగిలినప్పుడు అన్నీ ఒకేసారి పడతాయి. అయినా నిఫ్టీ ఫండ్‌లో ఖర్చు తక్కువ, పన్ను లెక్క తేలిక.

అమెరికా షేర్లు కొని, ఇక్కడి మార్కెట్లో షేరులా అమ్ముడయ్యే ఫండ్ నాస్‌డాక్ ఈటీఎఫ్. దానితో చిక్కంతా ధర దగ్గరే. ఇక్కడి ఫండ్లు విదేశాల్లో పెట్టే డబ్బుకు పరిమితి ఉంది. అది నిండి ఫండ్ కంపెనీ కొత్త యూనిట్లు ఇవ్వలేకపోతే, మార్కెట్లో ధర అసలు విలువను దాటిపోతుంది. ఆ అసలు విలువనే iNAV అంటారు. iNAV 100 ఉన్న యూనిట్‌ని 115కి కొన్నారనుకోండి. ఆ తేడా కరిగిపోతే, అమెరికా మార్కెట్ కదలకపోయినా మీకు 13 శాతం నష్టం.

నేరుగా డాలర్లు పంపి కొంటే ఈ బెడద లేదు. కానీ బ్యాంకు మార్పిడి ఖర్చు, పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపడం తప్పవు. నెలకు రెండు మూడు వేలు పెట్టేవాళ్లకి గిట్టుబాటు కాదు. నేనైతే పదోవంతు ఈటీఎఫ్‌లో పెడతాను, ధర iNAV కన్నా 2 శాతం ఎక్కువుంటే ఆ నెల ఆగుతాను.