రెండేళ్లు వాడిన సెల్ఫీ స్టిక్: ముక్కు కథ

ఈ సెల్ఫీ స్టిక్ ఎనిమిది వందలు పెట్టి కొని రెండేళ్లు దాటింది. అడుగున విప్పితే మూడు కాళ్ల స్టాండ్ అవుతుంది, చిన్న బ్లూటూత్ రిమోట్ కూడా ఉంది. కొన్నది మా చెల్లి కోసం. సంబంధాలు చూస్తున్న రోజుల్లో తన సెల్ఫీలన్నీ జూమ్ చేసి చూసుకుని, "అక్కా, నా ముక్కు నిజంగా ఇంత లావుగా ఉందా? ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా?" అని అడిగింది. ఆ మాట విని చాలా బాధేసింది.

తన ముక్కుకి ఏమీ లేదు, చిక్కంతా దూరంతోనే. ఫోన్ అడుగు దూరంలో పట్టుకుంటే ముక్కు కొన కెమెరాకి 30 సెంటీమీటర్లలో ఉంటుంది. చెవులు దానికి ఇంకో 12 సెంటీమీటర్లు వెనక, అంటే 42లో. దగ్గరున్నది పెద్దగా పడుతుంది కాబట్టి చెవులతో పోలిస్తే ముక్కు కొన 40 శాతం పెద్దగా వస్తుంది. ఐదడుగుల నుంచి తీస్తే 150కి 162, తేడా 8 శాతమే. అమెరికాలో టెక్సస్ డాక్టర్లు 30 మందికి ఫోటోలు తీసి కొలిచి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఐదడుగుల నుంచి పెద్ద కెమెరాతో తీసినదానితో పోలిస్తే, అడుగు దూరం సెల్ఫీలో ముక్కు 6.4 శాతం పొడవుగా, గడ్డం 12 శాతం పొట్టిగా కనిపించాయి.

సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీద స్టాండ్ పెట్టి, ఐదడుగుల దూరంలో తనని నిలబెట్టి, లెన్స్ కళ్ల ఎత్తులో ఉంచి, వెనక కెమెరా 2xతో తీశాను. పాత సెల్ఫీ పక్కన పెట్టి, రెండింట్లో కళ్ల మధ్య దూరం సమానమయ్యేలా జూమ్ చేశాం. సెల్ఫీలో చెవులు చెంపల వెనక్కి పోయి సగమే కనిపిస్తున్నాయి. కొత్తదాంట్లో రెండు బుట్టలూ పూర్తిగా ఉన్నాయి. అది మొదట చూసింది చెల్లే. అప్పటినుంచి నేను ఏ ఫోటోలోనైనా ముందు చెవులే చూస్తాను. అవి దాక్కుంటే కెమెరా మరీ దగ్గరున్నట్టే.

తప్పు లెన్స్‌ది అనుకుంటారు చాలామంది. నిలబడ్డ చోటు మారకుండా జూమ్ చేస్తే ముక్కు అలాగే ఉంటుంది, వెనక్కి జరిగితేనే మారుతుంది. స్టిక్ లేకపోయినా ఫోన్‌ని అల్మారాలో డబ్బాకి ఆనించి, పది సెకన్ల టైమర్ పెట్టి, తర్వాత క్రాప్ చేసుకోవచ్చు. ముందు కెమెరాతో మసక వెలుతురులో ఇలా చేస్తే మాత్రం ముఖం గరుకుగా వస్తుంది.

స్టిక్ చేత్తో పట్టుకుంటే నాలుగడుగుల దాకా దూరం దొరుకుతుంది. కానీ అందరం అలవాటుగా పైకెత్తుతాం. అప్పుడు నుదురు పెద్దదై గడ్డం చిన్నదైపోతుంది. కిందనుంచి తీస్తే గడ్డం బరువెక్కి ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. గ్రూప్ సెల్ఫీలో అంచున నిలబడ్డవాళ్ల ముఖం పక్కకి సాగుతుంది, అందుకే చివరనున్న అత్తయ్యని మధ్యలోకి పిలుస్తాను.

లోపాలూ ఉన్నాయి. కాసేపు వాడకపోతే రిమోట్ కనెక్షన్ పోతుంది, మళ్లీ కలపాలి. కాళ్లు తేలిక, డాబా మీద గాలికి ఒకసారి ఫోన్‌తో సహా పడింది. ఇప్పుడు కాళ్ల దగ్గర ఇటుక పెడుతున్నాను.