స్టెరాయిడ్ తగ్గింపుపై పిల్లల డాక్టరు రాసిచ్చిన లేఖ: ఏడాది పాటు ఆ లేఖను వాడిన తరువాత సమీక్ష

మా పాపకు ఆరేళ్లు, బరువు 20 కిలోలు. నిరుడు చలికాలంలో వచ్చిన తీవ్రమైన ఆస్తమా దాడికి ఐసీయూలో ఉండి, ఇంటికి వచ్చేటప్పుడు పిల్లల డాక్టరు గారు డిశ్చార్జి కాగితాలతో పాటు రెండు పేజీల లేఖ ఒకటి ఇచ్చారు. నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సిరప్‌ను ఎలా తగ్గించుకుంటూ రావాలో, ఎందుకు తగ్గించాలో అందులో తెలుగులోనే ఉంది. హైదరాబాద్ ఆస్పత్రుల్లో మాకు ఇంతవరకు దొరికినవన్నీ ఇంగ్లిషులో అచ్చయిన కాగితాలే కాబట్టి, పగటిపూట పాపను చూసుకునే మా అత్తయ్య గారు తానే చదువుకోగలిగిన మొదటి వైద్య పత్రం ఇదేనని చెప్పాలి.

మా మొదటి సందేహానికి లేఖ మొదటి పేరాలోనే జవాబు ఉంది. అంతకు ముందు ఒకసారి దగ్గు, ఆయాసం వచ్చినప్పుడు ఇదే సిరప్ ఐదు రోజులు వాడి ఒక్కసారిగా ఆపేశాము, ఏమీ కాలేదు. మరి ఈసారి ఎందుకీ మెట్లు? మూడు నుంచి ఐదు రోజుల కోర్సు అయితే తగ్గింపు అవసరం లేదని, కానీ ఈసారి మందు ఆపగానే ఆయాసం తిరగబెట్టి మళ్లీ మొదలుపెట్టవలసి రావడంతో మొత్తం వాడకం రెండు వారాలు దాటిందని, అంతకాలం బయటి నుంచి స్టెరాయిడ్ అందితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుంటాయని, ఆ తయారీ తిరిగి పుంజుకోవడానికి వ్యవధి కావాలని డాక్టరు గారు రాశారు. 20 కిలోల పిల్ల శరీరం రోజూ తయారు చేసుకునే కార్టిసాల్ సుమారు 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానమని, కాబట్టి మొదట్లో పెద్ద మెట్లు దిగవచ్చుగాని చివర చిన్న మెట్లే వేయాలని కూడా చెప్పారు. ఆ ఒక్క వాక్యంతో పట్టికలోని అంకెలన్నీ నాకు అర్థమయ్యాయి.

పట్టిక ఇలా ఉంది. సిరప్ బలం 5 మిల్లీలీటర్లలో 15 మిల్లీగ్రాములు. ఆస్పత్రిలో రోజుకు 30 మిల్లీగ్రాములు, అంటే 10 మిల్లీలీటర్లు. ఇంట్లో మొదటి నాలుగు రోజులు 7 మిల్లీలీటర్లు, తరువాత నాలుగేసి రోజుల చొప్పున 5, 3, 2, 1, ఆపైన ఆపడం. ప్రతి వరుసలోనూ మిల్లీలీటర్ల పక్కన మిల్లీగ్రాములు వేసి (21, 15, 9, 6, 3), సీసా బలాన్ని పట్టిక నెత్తిన ఎర్ర సిరాతో రాశారు. మొదట్లో అది అనవసరపు జాగ్రత్తలా అనిపించింది. ఇది మా పాప బరువుకు, ఆమె పరిస్థితికి వేసిన లెక్క. మరొకరి పిల్లలకు పనికిరాదని లేఖ అడుగునే ఉంది.

ఆ ఎర్ర అక్షరాల విలువ 3 మిల్లీలీటర్ల మెట్టు దగ్గర తెలిసింది. ఒకరోజు పాప మందు తాగిన పది నిమిషాలకే వాంతి చేసుకుంది; అరగంటలోపు వాంతి అయితే అదే మోతాదు ఒకసారి మళ్లీ ఇవ్వమని లేఖలో ఉన్నందున ఇచ్చాము. దానితో సీసా అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. మా వారు దగ్గరలోని మందుల షాపు నుంచి తెచ్చిన కొత్త సీసా అదే కంపెనీది, అదే రంగు అట్టపెట్టె. కానీ లేబుల్ మీద 5 మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాములు అని ఉంది. అందులోంచి 3 మిల్లీలీటర్లు పోస్తే పాపకు అందేది 9 కాదు, 3 మిల్లీగ్రాములే. అంటే రెండు మెట్లు ఒకేసారి దూకినట్టు. లేఖలో మిల్లీలీటర్లు మాత్రమే ఉండి ఉంటే ఈ తేడా పట్టుబడేదే కాదు. షాపతను మారు మాట లేకుండా సీసా మార్చి ఇచ్చాడు. మూత గుర్తులను నమ్మకుండా సూది లేని సిరంజితో కొలవమన్న సూచన కూడా ఈ లేఖలోదే. 2, 1 మిల్లీలీటర్ల మెట్లలో మూతతో కొలవడం దాదాపు అసాధ్యం.

ఉదయం ఎనిమిది లోపు, తిన్న తరువాత, ఒకే మోతాదుగా ఇవ్వమన్నారు. శరీరం సహజంగా కార్టిసాల్‌ను ఎక్కువగా విడుదల చేసేది తెల్లవారుజామునే గనుక ఆ వేళకు ఇస్తే గ్రంథుల లయకు అడ్డం తక్కువ, సాయంత్రం ఇస్తే నిద్ర పట్టదు. ఆకలి విపరీతంగా పెరగడం, ముఖం ఉబ్బడం, చిన్న విషయానికే ఏడవడం మందు ప్రభావాలేనని, తగ్గిపోతాయని ముందే రాయడం వల్ల, పూటకు నాలుగు ఇడ్లీలు అడుగుతున్న పిల్లను చూసి మా అత్తయ్య గారు కంగారుపడలేదు.

నా దృష్టిలో ఈ లేఖలో ఉత్తమమైన భాగం రెండో పేజీ మధ్యలో ఉంది. మోతాదు తగ్గేటప్పుడు తప్పిపోగలవి రెండు వేర్వేరు సంగతులని, వాటిని కలిపి చూడవద్దని డాక్టరు గారు విడదీశారు. రాత్రి దగ్గు, పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం, ఆయాసానికి కొట్టే లెవోసాల్బుటమాల్ పంపు ప్రభావం నాలుగు గంటలు కూడా నిలవకపోవడం కనబడితే ఆస్తమా తిరగబెడుతోందని అర్థం. ఊపిరి బాగానే ఉండి, పిల్ల వడలిపోయి, కడుపునొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, మత్తు ఉంటే గ్రంథులు ఇంకా అందుకోలేదని అర్థం. రెండింటికీ ఆస్పత్రికే వెళ్లాలి, కానీ అక్కడ చెప్పవలసిన మాట వేరు. మందు ఆపిన తరువాత కూడా ఏడాది పాటు పెద్ద జ్వరం, ఆపరేషన్, ఆగని వాంతులు వస్తే ఈ లేఖ చూపించమన్నారు.

వానాకాలంలో ఆ అవసరం పడింది. వైరల్ జ్వరంతో వాంతులై పాప మగతగా ఉంటే, రాత్రిపూట వేరే ఆస్పత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాము. అక్కడి జూనియర్ డాక్టరు లేఖ చదివి, వెంటనే గ్లూకోజ్ పరీక్ష చేయించి, సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నోటితో చెప్పి ఉంటే ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది ఆ గాభరాలో నేను సరిగ్గా చెప్పగలిగేదాన్ని కాదు.

లోపాలు లేకపోలేదు. ఒకరోజు మోతాదు మరచిపోతే ఏం చేయాలో లేఖలో లేదు. ఫోన్ చేసి అడిగితే, అదే రోజు గుర్తొస్తే ఇవ్వండి, మరునాడు మాత్రం రెండింతలు వద్దన్నారు. టీకాల గురించి "వాయిదా వేయండి" అని మాత్రమే ఉంది. ఇంత మోతాదు రెండు వారాలు వాడితే సజీవ టీకాలను కనీసం నాలుగు వారాలు ఆపాలన్న వివరం, ఆటలమ్మ సోకిన పిల్లల దగ్గర మెలిగితే వెంటనే ఫోన్ చేయాలన్న మాట విడిగా అడిగి తెలుసుకున్నాము. అన్నిటికన్నా పెద్ద లోపం, రోజూ స్పేసర్‌తో పీల్చే బుడెసొనైడ్ ఇన్హేలర్‌ను సిరప్ తగ్గుతున్నా ఆపవద్దన్న వాక్యం చిట్టచివర సంతకం పైన ఇరుక్కుని ఉండటం. సిరప్‌తో పాటు "ఆ స్టెరాయిడ్ పంపు" కూడా మానేయమని సలహా ఇచ్చే బంధువులు, మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు వేయించమనే బంధువులు ప్రతి ఇంటికీ ఉంటారు కాబట్టి అది మొదటి పేజీలో ఉండవలసిన మాట.

ఈ మధ్య చెకప్‌కు వెళ్లినప్పుడు ఇవన్నీ డాక్టరు గారితో చెప్పాను. ఆయన నా ప్రతి తీసుకుని, ఏడాది గడిచింది గనుక "జ్వరం వస్తే చూపించండి" అన్న పేరా మీద గీత కొట్టి తేదీ వేశారు. ఇన్హేలర్ వాక్యాన్ని మాత్రం పట్టిక పైన మళ్లీ పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు.