ఆ ‘500 వైరల్ హుక్స్’ పీడీఎఫ్ కొనేముందు ఇది చదవండి

రీల్ మొదట్లోనే జనాన్ని ఆపే లైన్లు, అవే హుక్స్, 500 ఉన్నాయంటూ రీల్స్ చేసేవాళ్ల గ్రూపుల్లో తిరుగుతోందే, అదే ఫైల్. అమ్మేదెవరో మీకు తెలుసు, పేరు రాయను. 1,499 రూపాయలు యూపీఐలో కొట్టాను, నా అంత తెలివైనవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి. నావి మిద్దెతోట వీడియోలు, వాటికి పనికొస్తాయా అని ముందే అడిగాను. “ఏ టాపిక్‌కైనా పడతాయి మేడమ్” అన్నాడు. తెరిస్తే ‘ఈ ఒక్క ___ నా జీవితాన్ని మార్చేసింది’ అని ఉంది. సరే, నింపాను: ఈ ఒక్క కరివేపాకు నా జీవితాన్ని మార్చేసింది. ఆహా.

జనం మొదటి రెండు మూడు సెకన్లలోనే స్వైప్ చేసి పోయారు. ఈ లైన్ ఏ వీడియోలోది, అక్కడ ఎందుకు ఆడింది అని మర్యాదగానే అడిగాను. వాయిస్ నోట్ వచ్చింది: “ఖాళీలు నింపడం కూడా నేనే నేర్పాలా? అన్నం కలిపి ముద్దలు పెట్టమంటారా?” వెనక ఇంకెవరో పకపకా నవ్వుతున్నారు. జవాబు టైప్ చేస్తుండగానే గ్రూపులోంచి తీసేశాడు. డబ్బు సంగతి అటుంచండి, ఆ నవ్వు మాత్రం ఇంకా చెవిలో మోగుతోంది.

అసలు హుక్ బ్యాంక్ అంటే ఖాళీల జాబితా కాదు బాబూ. ఒక ఛానల్‌లో మామూలుగా వచ్చే వ్యూస్‌కి ఎన్నో రెట్లు వచ్చిన వీడియో దొరికితే, దాని మొదటి వాక్యం ఉన్నదున్నట్టు రాసుకోవాలి. అప్పుడు తెర మీద ఏం కనిపిస్తోందో పక్కన రాయాలి. చూసేవాళ్లకు ఏ సందేహం పుట్టింది, దానికి జవాబు వీడియోలో ఎక్కడ దొరికింది అన్నది కూడా రాయాలి. ఆ తర్వాతే టాపిక్ తీసేసి సూత్రం మిగుల్చుకోవాలి.

ఉదాహరణకి, ‘ఇడ్లీ గట్టిగా వస్తోందా? రవ్వని తిట్టకండి, పిండి సరిగ్గా పులవలేదు’ అనే హుక్ ఉందనుకోండి. అందరూ ఒకదాన్ని తిడుతున్నారు, కారణం వేరే ఉంది, ఇదీ సూత్రం. కరివేపాకుకి మారిస్తే: ‘మొక్క ఒంటికర్రలా పెరుగుతోందా? ఎరువు పెంచకండి, చివర తుంచండి.’ ఈ మాట అంటున్నప్పుడే కత్తెర కొమ్మ మీద ఉండాలి. తుంచినచోట పక్క కొమ్మలు వచ్చిన మొక్కను వెంటనే చూపించాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. జనంలో నిజంగా అలాంటి అపోహ ఉన్న టాపిక్‌కే ఈ సూత్రం పనిచేస్తుంది. గింజ నుంచి కరివేపాకు మొలిపించడం చూపించే వీడియోకి ఇదే తగిలిస్తే, లేని అపోహని మనమే కల్పించాలి. కింద కామెంట్లలో కడిగేస్తారు.

వాడి ఫైల్‌లో ఇందులో ఒక్క ముక్క లేదు. సగం లైన్లు ఒకదానికొకటి కవలలు.

ఎవరి దగ్గర కొన్నా సరే, మీ టాపిక్‌కి రెండు హుక్స్ మార్చి చూపించమని డబ్బు కట్టకముందే అడగండి. చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెడుతున్నా. ఇలాగే పోగొట్టుకున్నవాళ్లు ఉంటే మీరూ పెట్టండి.