ఫాగింగా, ట్యాంకు మూతా, పద్నాలుగు రోజుల మాత్రలా? మలేరియాకు ఏది మేలు?

వానలు మొదలయ్యాయంటే చాలు, మా అపార్ట్‌మెంట్ మీటింగులో మొదటి మాట "ఫాగింగ్ ఎప్పుడు పెట్టిద్దామండీ?" అనే. పటమటలో మా వాళ్లూ అదే అడుగుతారు, గుంటూరు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసినా అదే అడుగుతుంది. ఇరవై ఏళ్లకు పైగా ల్యాబ్‌లో కూర్చుని మలేరియా రక్తపు పూతలు చూసినదాన్ని కాబట్టి నాకేదో తెలుసని అందరి నమ్మకం. మలేరియా దోమ కుడితే వస్తుందని అందరికీ తెలుసు. ఆ పరాన్నజీవి మనిషిలోంచి దోమలోకి, దోమలోంచి మళ్లీ మనిషిలోకి తిరిగే దారిలో ఏ పని ఎక్కడ అడ్డం పడుతుందో మాత్రం ఎవరూ అడగరు. ఏది మేలో తేలేది అక్కడే.

ఫాగింగ్ సంగతి ముందే చెప్పేస్తాను. పొగ పెట్టిన ఆ కాసేపట్లో గాల్లో ఎగురుతున్న దోమకే అది తగులుతుంది. పొగ పోయాక గోడ మీద మందేమీ మిగలదు. పైగా బెజవాడలో సాయంత్రం చెవి దగ్గర గీపెట్టే దోమల్లో ఎక్కువ భాగం మురుగు కాలువల్లో పుట్టే క్యూలెక్స్, వాటికీ మలేరియాకూ సంబంధం లేదు. ఒకచోట కేసులు గుంపుగా వచ్చినప్పుడు ఫాగింగ్ పనికొస్తుంది. ఏడాది పొడుగునా దాని మీద డబ్బు పోయడం నాకు సమ్మతం కాదు.

మలేరియాను మోసేది అనాఫిలిస్ అనే జాతి దోమ. ఇందులో అసలు లెక్క దోమ వయసుది. రోగిని కుట్టగానే దోమ ప్రమాదకరం అయిపోదు. లోపలికి వెళ్లిన పరాన్నజీవి దాని పొట్ట గోడకు అతుక్కుని, అక్కడ బుడిపెలా పెరిగి, పగిలి, లాలాజల గ్రంథులకు చేరాలి. మన వానాకాలపు వేడిలో దానికి సుమారు 10 రోజులు పడుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో చూసింది ఆ బుడిపెనే. నాలుగు రోజుల ముందు, 16వ తేదీన, ఒక మలేరియా రోగిని కుట్టించిన దోమ అది. అప్పటికింకా సగం దారిలో ఉందన్నమాట, ఆ రోజు మనిషిని కుట్టినా జబ్బు అంటించలేదు.

కాబట్టి దోమలు ఎన్ని పుట్టాయన్నది ఒక్కటే చూస్తే చాలదు, వాటిలో ఎన్ని పది రోజులు బతికాయో చూడాలి. 100 దోమలు రోగిని కుట్టాయనుకోండి. రోజూ పదింట ఒకటి చస్తుంటే పదో రోజుకు 35 మిగులుతాయి. పుట్టే చోట్లలో సగం మూసేస్తే ఆ 35 కాస్తా 17, 18 అవుతాయి. అలా కాక రోజూ చచ్చేవి పదింట ఒకటికి బదులు రెండయ్యాయనుకోండి, మిగిలేవి 10, 11 మాత్రమే. అవి కూడా ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉండవు. గోడలకు కొట్టే మందూ, మందు పట్టించిన దోమతెరా పల్లెల్లో అంత బాగా పనిచేసేది ఇందుకే. రక్తం తాగి బరువెక్కిన దోమ గోడ మీద వాలుతుంది, తెర మీద వాలుతుంది, అక్కడే దాని ఆయుష్షు తీరుతుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో గాలి పొడిబారి దోమ ఎక్కువ రోజులు నిలవదు, వానలు పడి గాలిలో తేమ చేరాక నిలుస్తుంది. మన దగ్గర కేసులు వానలతో పెరగడంలో నీళ్లతో పాటు ఈ ఆయుష్షుకూ భాగముంది.

మరి పట్నంలో గోడలకు మందు కొట్టించుకునేదెవరు? డిస్టెంపర్ వేయించిన హాల్లోకి పంపు పట్టుకొచ్చిన మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాం. అందుకని పట్నాల్లో ఈ పని చాలావరకు లార్వాల మీదే, అంటే నీళ్లలో పెరిగే దోమ పిల్లల మీదే నడుస్తుంది. పట్నపు మలేరియా దోమ అనాఫిలిస్‌లోనే స్టెఫెన్సీ అనే రకం. దానికి మురుగు పడదు, మంచినీళ్లు కావాలి. మూత సరిగా లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, కట్టుబడి దగ్గర క్యూరింగ్‌కు నింపిన తొట్టి దాని ఇళ్లు. తెల్లటి మగ్గుతో నీళ్లు తోడి ఒక నిమిషం కదపకుండా ఉంచండి. అందులో లార్వా తల కిందికి వేలాడేసి తోక మాత్రం పైకి ఆనించిందంటే అది క్యూలెక్సో, డెంగ్యూ దోమో. నీటి పైపొరకు పుల్లముక్కలా అడ్డంగా, చదునుగా పడుకుని ఉంటే అది అనాఫిలిస్. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు కావాలి. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి ఆరబెట్టమనేది అందుకే. ట్యాంకుకు మూత బిగించి ఓవర్‌ఫ్లో పైపు తెరిచి వదిలేసే ఇళ్లు నేను చాలా చూశాను. దోమకు ఆ గొట్టం చాలు, దాని మూతికి జాలీ కట్టాలి.

ఇక్కడి వరకు చదివితే ట్యాంకు మూతకే నా ఓటు అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా మాట మారింది మా వీధి చివర కడుతున్న బిల్డింగు దగ్గర.

ఒడిశా నుంచి వచ్చిన సెంట్రింగ్ కుర్రాడొకడు మే నెలలో అక్కడ పనిలో చేరాడు. జులై 3న చలిజ్వరం వచ్చింది. నాలుగు రోజులు పారాసెటమాల్‌తో నెట్టుకొచ్చాడు, 7న రక్తపు పూత తీశారు. ఆ స్లైడు నేనూ చూశాను. మలేరియా పరాన్నజీవుల్లో వైవాక్స్ అనే రకం. ఉబ్బిన ఎర్రకణాల నిండా గుండ్రటి గామిటోసైట్లు, అంటే దోమలోకి వెళ్లి పెరగడానికి తయారుగా ఉన్న రూపాలు. ఆరా తీస్తే హోలీ రోజుల్లో ఊళ్లో ఇలాంటి జ్వరమే వచ్చిందన్నాడు. మూడు రోజులు మాత్రలు మింగాడట, తగ్గిపోయిందట. ఆ మూడు రోజుల మాత్రలు క్లోరోక్విన్ అయి ఉండాలి. పెద్దవాళ్లకు మూడు రోజులూ వరసగా నాలుగు, నాలుగు, రెండు మాత్రలు. రక్తంలో ఉన్న వైవాక్స్‌ను, దాని గామిటోసైట్లతో సహా, అది శుభ్రంగా చంపుతుంది. కానీ వైవాక్స్‌లో కొన్ని కాలేయంలో నిద్రపోతుంటాయి, వాటిని మాత్రం తాకదు. వారాలకో నెలలకో అవి లేచి రక్తంలోకి వస్తాయి, మళ్లీ జ్వరం. తిరగబెట్టిందో, కొత్తగా కుట్టించుకున్నాడో స్లైడు చెప్పదు. కానీ అతని కథ వింటే తిరగబెట్టిందనే అనిపించింది.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. జులై 4 రాత్రి ఒక దోమ అతన్ని కుట్టిందనుకుందాం. 14కల్లా అది అంటించే దశకు వస్తుంది. ఆ రాత్రే ఇంకొకరిని కుడితే, పరాన్నజీవి కాలేయంలో పెరిగి రక్తంలోకి దిగి జ్వరం తేవడానికి ఇంకో రెండు వారాలు. జులై 30న మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఆరేళ్ల కూతురికి వణుకు మొదలైంది. అదీ వైవాక్సే. ఆ దోమే ఈ దోమ అని ఎవరూ రుజువు చేయలేరు, రోజులు మాత్రం సరిపోయాయి. మా మెట్ల కింద సంపులో నీళ్లు తోడి చూస్తే అడ్డంగా పడుకున్న లార్వాలు కనిపించాయి.

ఈ గొలుసులో ఏ కొక్కెం తెంచి ఉంటే బాగుండేది? 7న మొదలెట్టిన మందు ఆ తర్వాతి రాత్రులను కాపాడింది, దోమలోకి అప్పటికే వెళ్లిపోయినదాన్ని కాదు. మలేరియాలో ఇంకో రకం, ఫాల్సిపేరమ్ అయితే సంగతి వేరు. దాని గామిటోసైట్లు తయారవడానికి 10, 12 రోజులు పడుతుంది. జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఆర్టెసునేట్ కలిసిన మందు పడితే దోమకు అందేవి తక్కువ. ముదిరి నెలవంకలా కనిపించే వాటి మీద ఆ మందు పెద్దగా పనిచేయదు కాబట్టి వాటి కోసం రెండో రోజు ఒకే ఒక్క మోతాదు ప్రైమాక్విన్ ఇస్తారు. అక్కడ తొందరగా వైద్యం అందడమే పెద్ద ఆయుధం. వైవాక్స్‌లో జ్వరం తెలిసేసరికే గామిటోసైట్లు రక్తంలో తిరుగుతుంటాయి, ఎంత తొందరపడినా ఒకడుగు వెనకే ఉంటాం. జ్వరం కంటే ముందు, కాలేయంలోనే పట్టుకోవాలి. దానికి మన దగ్గర వాడేది ప్రైమాక్విన్, పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు, 14 రోజులు.

మా సంపు మూసి ఉంటే వాచ్‌మన్ కూతురికి జ్వరం వచ్చేది కాదేమో. కానీ ఆ కుర్రాడు దసరాకు తాడేపల్లిలో ఇంకో బిల్డింగుకు వెళ్తాడు, అక్కడా ఒక తొట్టి ఉంటుంది. మూత ఒక ఇంటిని కాపాడుతుంది. కాలేయంలో నిద్రపోయేది మనిషితో పాటే బస్సెక్కి తిరుగుతుంది. అందుకే వైవాక్స్ విషయంలో నా ఓటు పద్నాలుగు రోజుల మాత్రలకు.

దాని బలహీనత నాకు తెలియక కాదు. మూడో రోజుకు జ్వరం పోతుంది, నాలుగో రోజు నుంచి మాత్రలు జేబులోనే ఉంటాయి. మేస్త్రీ నాతో అన్నమాట కూడా అదే: "జ్వరం పోయిందిగదండీ, ఇంక మందెందుకంటాడు. కడుపులో మంటంటున్నాడండీ." మంట నిజమే, పరగడుపున మింగితే వస్తుంది. అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఉండదు. అసలు భయపడాల్సింది జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న వాళ్ల విషయంలో. వాళ్లకు ఈ మందుతో ఎర్రకణాలు పగిలిపోతాయి. వీలైతే ముందే ఆ పరీక్ష చేయించాలి. మాత్రలు వాడేటప్పుడు మూత్రం డికాషన్ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు ఇవ్వరు. ఇంకో హద్దు కూడా ఉంది: పరీక్ష చేయించుకున్న వాడికే మాత్ర అందుతుంది. జ్వరం లేకుండానే పరాన్నజీవిని మోసేవాళ్లు మన కంటికి కనబడరు, వాళ్ల కోసం మూతలూ తెరలూ ఉండాల్సిందే.

టీకాల గురించి కూడా అడుగుతున్నారు. ఇప్పుడున్నవి ఫాల్సిపేరమ్‌కు, ముఖ్యంగా ఆఫ్రికా పిల్లల కోసం. మన వైవాక్స్‌కు పనికిరావు. లార్వాలను తినే గంబూసియా చేపలు బావులకూ, పెద్ద తొట్లకూ బాగుంటాయి, తాగే నీళ్ల ట్యాంకులో ఎవరూ వేయనివ్వరు.

ఈసారి మీటింగులో ఫాగింగ్ డబ్బుతో ఓవర్‌ఫ్లో పైపులన్నిటికీ జాలీలు, సంపుకు ఇనుప మూత పెట్టించాం. సెంట్రింగ్ కుర్రాడి మాత్రల పట్టీ మేస్త్రీ దగ్గరే ఉంచాను. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఆయన ఎదురుగా మింగాలి, మింగిన రోజు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయాలి. జులై 20వ తేదీ సాయంత్రం వెళ్లి చూశాను. పద్నాలుగు గీతలున్నాయి.