90 శాతం దాటినా పండక్కి ఆడించలేదు: మోకాలి ఆపరేషన్ అయిన రైడర్ కోసం వాడిన గూగుల్ షీట్ సమీక్ష

ఒంగోలులో కబడ్డీ ఆడే కుర్రాళ్లకు ఫిట్‌నెస్ నేర్పడం నా పని. మోకాలు దెబ్బతిన్న ఆటగాడిని మళ్లీ కోర్టులోకి తీసుకురావడానికి కొన్నేళ్లుగా ఒక గూగుల్ షీట్ వాడుతున్నాను. ఇదే పని చేసే యాప్‌లు ఉన్నాయి గానీ వాటికి నెలనెలా డబ్బు కట్టాలి. షీట్‌కు ఖర్చు లేదు, మామూలు ఫోన్లో తెరుచుకుంటుంది. నెల్లూరులో ఉన్న ఫిజియో, కందుకూరు దగ్గర పల్లెలో ఉన్న ఆటగాడు, ఇక్కడ నేను, ముగ్గురం ఒకే షీట్ చూస్తాం. ఇన్నాళ్ల వాడకంలో నాకు తేలిందేమిటంటే, దెబ్బతిన్న కాలి బలం బాగున్న కాలి బలంలో ఎంత శాతమో చూపే, అందరూ పెట్టుకునే కాలమ్ ఒక్కటే ఉంటే షీట్ ఆటగాడిని తొందరపెడుతుంది. దాని పక్కన ఇంకో కాలమ్ ఉంటేనే నిజం బయటపడుతుంది. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగి ఆపరేషన్ చేయించుకున్న మా రైడర్ సంగతే చెబుతాను.

ముందు కొలత ఎలా తీస్తామో చెప్పాలి. మంచి క్లినిక్కుల్లో కాలి బలం కొలిచే మెషిన్లు ఉంటాయి. మా దగ్గర ఉన్నది రొయ్యల చెరువుల దగ్గర తూకానికి వాడే, వేలాడదీసే డిజిటల్ కాటా. ఆటగాడిని ఎత్తయిన బల్ల మీద కూర్చోబెట్టి మోకాలు 90 డిగ్రీలు వంచి ఉంచుతాం. చీలమండకు కాస్త పైన వెడల్పాటి పట్టీ కట్టి, కాటాను వెనక బల్ల కాలికి బిగిస్తాం. కాలు చాపబోతున్నట్టు బలమంతా పెట్టి ఐదు సెకన్లు నెట్టాలి. కాలు కదలదు, కాటా మీద అంకె పెరుగుతుంది. దాన్ని ఫోన్లో వీడియో తీసి, కనిపించిన పెద్ద అంకె రాసుకుంటాం. కాలికి మూడు ప్రయత్నాలు. మొదట బాగున్న కాలు, తర్వాత ఆపరేషన్ అయిన కాలు. పట్టీ ఎక్కడ కట్టామో మోకాలి నుంచి టేపుతో కొలిచి షీట్లోనే రాసిపెట్టాలి, ఎందుకంటే పట్టీ రెండంగుళాలు జరిగినా అంకె మారిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఈ టెస్ట్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఫిజియో చెప్పాలి, కోచ్ కాదు. మా రైడర్‌కు మూడో నెల దాటాక అనుమతి వచ్చింది.

షీట్లో తేదీ A కాలమ్. ఆపరేషన్ అయిన ఎడమకాలి మూడు ప్రయత్నాలు B నుంచి D వరకు, కుడికాలివి E నుంచి G వరకు. H లో మామూలు సిమెట్రీ శాతం, అంటే ఆ రోజు ఎడమకాలి బలం కుడికాలి బలంలో ఎంత అన్నది. I లో మాత్రం ఎడమకాలిని ఆ రోజు కుడికాలితో కాకుండా, కుడికాలు అప్పటిదాకా చూపించిన అత్యుత్తమ బలంతో పోలుస్తాం.

```
H2: =IF(OR(COUNT(B2:D2)<3,COUNT(E2:G2)<3),"",ROUND(MAX(B2:D2)/MAX(E2:G2)*100,1))
I2: =IF(OR(COUNT(B2:D2)<3,COUNT(E2:G2)<3),"",ROUND(MAX(B2:D2)/MAX($E$2:$G2)*100,1))
```

ఇందులో COUNT ఎందుకంటే, ఫోన్లో టైప్ చేసేవాళ్లు 38 అని కాకుండా "38 కేజీలు" అని కొడుతుంటారు. షీట్ దాన్ని అంకెగా తీసుకోదు. MAX ఆ సెల్‌ను చడీచప్పుడు లేకుండా వదిలేసి, మిగిలిన రెండింటిలో పెద్దది చూపిస్తుంది. శాతం తప్పు వచ్చిందని ఎవరికీ తెలియదు. COUNT పెట్టాక ఒక్క సెల్ చెడినా శాతం గడి ఖాళీగా కనిపిస్తుంది, ఏదో తేడా ఉందని వెంటనే అర్థమవుతుంది. తేదీలతోనూ ఇలాంటి చిక్కే ఉంది. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్‌ను India గా మార్చకపోతే 5/3 అని కొట్టిన మార్చి ఐదో తేదీ మే మూడో తేదీగా పడుతుంది, గ్రాఫ్ గీత ముందుకీ వెనక్కీ గెంతుతుంది.

ఇక మా రైడర్ అంకెలు. ఆపరేషన్ జూన్ మొదట్లో అయింది. అంతకుముందే, వాపు తగ్గాక, మే నెలలో ఒకసారి కొలిచాం. కుడికాలు 52 కేజీలు, దెబ్బ తగిలిన ఎడమకాలు 38. సెప్టెంబర్లో కుడికాలు 45, ఎడమ 25. నవంబరులో కుడి 43, ఎడమ 33. జనవరి మొదటి వారంలో కుడి 42, ఎడమ 38.5. ఆ రోజు H కాలమ్‌లో 91.7 పడింది.

ఈ రంగంలో 90 శాతం దాటితే చాలు అన్న లెక్క చాలామందికి తెలుసు. సంక్రాంతి దగ్గర పడుతోంది, మా ప్రాంతంలో పండగ రోజుల్లో ఊరూరా కబడ్డీ పోటీలే. వాళ్ల నాన్న ఫోన్ చేసి, "సార్, తొంభై దాటిందంట గదా, పండక్కి ఒక్క మ్యాచయినా ఆడించొచ్చా?" అని అడిగారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు, ఆయన చూసింది H కాలమ్‌నే.

I కాలమ్‌లో అదే రోజు పడిన అంకె 74. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. ఎడమకాలు పెరిగిన మాట నిజమే. కానీ డిసెంబరు దాకా పరుగు లేదు, కూతకు వెళ్లడం లేదు, జిమ్‌లో ధ్యాసంతా ఎడమకాలి మీదే. దాంతో కుడికాలు 52 నుంచి 42కి పడిపోయింది. అంటే ఆ 91.7లో కొంత ఎడమకాలు ఎదిగినందుకు వచ్చింది, కొంత కుడికాలు బలహీనపడినందుకు వచ్చింది. నిజానికి ఎడమకాలు 38.5 దగ్గర ఉందంటే, దెబ్బ తగిలాక ఆపరేషన్‌కు ముందున్న 38 దగ్గరికే చేరిందన్నమాట.

ఇదే వారం ఒంటికాలి గెంతు కూడా కొలిచాం. ఎడమకాలితో 150 సెంటీమీటర్లు, కుడితో 158, దాదాపు 95 శాతం. ఇది చూసి అతనికి ఇంకా నమ్మకం కుదిరింది. కానీ దూరం గెంతడానికి తుంటి, పిక్క, చేతుల ఊపు కూడా సాయపడతాయి. తొడ ముందు కండ చేయాల్సిన పనిని అవి పంచుకుంటే దూరం బాగానే వస్తుంది, మోకాలి లోటు కనిపించదు. అందుకే గెంతు శాతం ఎంత బాగున్నా, కాటా మీద లోటు ఉన్నంతవరకు నేను కాటా మాటే వింటాను.

ఫిజియో, నేను ఫోన్లో షీట్ ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆపరేషన్ జరిగి అప్పటికి ఏడు నెలలే అయింది. నార్వేలో ఇలాంటి ఆటగాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆటను ఎన్ని నెలలు వాయిదా వేస్తే, నెలకు దాదాపు సగం చొప్పున మోకాలు మళ్లీ దెబ్బతినే రేటు తగ్గింది. అదీ, I కాలమ్‌లోని 74 కలిపి చూస్తే ఆడించే ప్రసక్తే లేదు. "అబ్బయ్యా, ఈ పండక్కి నువ్వు బెంచీ మీద కూర్చుని లెక్కరాయి" అని చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు గానీ పాయింట్ల షీటు రాయడానికి వచ్చాడు.

జనవరి నుంచి రెండు కాళ్లకీ బరువులు పెంచాం. మార్చి మధ్యలో కుడి 51, ఎడమ 45. ఇక్కడ H కాలమ్ 91.7 నుంచి 88.2కి పడింది! ఆ కాలమ్ ఒక్కటే చూసేవాళ్లు కుర్రాడు వెనక్కి వెళ్తున్నాడనుకుంటారు. కానీ ఎడమకాలు ఆరున్నర కేజీలు పెరిగింది, I కాలమ్ 74 నుంచి 86.5కి ఎక్కింది. మే మొదట్లో కుడి 54, ఎడమ 49.5. అప్పుడు రెండు కాలమ్‌లలోనూ మళ్లీ అదే 91.7. జనవరిలో వచ్చిన అంకే, కానీ ఈసారి దాని వెనక 11 కేజీల అదనపు బలం ఉంది. ఆ తర్వాతే ఫిజియో ఒప్పుకుని ప్రాక్టీసులో పట్టు తగిలే రైడ్లు మొదలుపెట్టించారు.

రెండో ట్యాబ్ రోజువారీ ట్రైనింగ్‌ది. వ్యాయామం, బరువు, ఎన్నిసార్లు, ఎన్ని సెట్లు, పదికి ఎంత కష్టమనిపించింది. అన్నిటికంటే విలువైనవి చివరి రెండు గడులు. మర్నాడు పొద్దున్న నొప్పి పదికి ఎంత, మోకాలి చిప్ప మధ్యలో టేపు చుట్టుకొలత మామూలు కంటే ఎన్ని సెంటీమీటర్లు పెరిగింది. ఇవి ఆటగాడే ఇంటి దగ్గర కొలిచి నింపుతాడు. డిసెంబరులో ఒకే వారంలో పరుగూ గెంతులూ రెండూ మొదలుపెడితే, కష్టం పదికి ఐదే అని రాశాడు. ట్రైనింగ్ అయ్యాక నొప్పీ లేదన్నాడు. మర్నాడు చుట్టుకొలత సెంటీమీటరున్నర పెరిగింది. చేసినప్పుడు బాగానే ఉండి, మోకాలు తన అభ్యంతరం మరుసటి రోజు చెప్పడం మామూలే. గెంతులు ఆపి పరుగు మాత్రం ఉంచాం. కొలత మామూలుకి వచ్చాక గెంతులు తక్కువ సంఖ్యతో మళ్లీ మొదలుపెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఖాళీ గడిని షీట్ సున్నాగా లెక్కేస్తుంది. నొప్పి గడి నింపకపోతే నొప్పి లేదనుకుని ఫార్ములా "పెంచొచ్చు" అనేస్తుంది. అందుకని ముందు ఖాళీ సంగతి చూసేలా రాయాలి. G నొప్పి, H పెరిగిన సెంటీమీటర్లు:

```
=IF(OR(G2="",H2=""),"అడుగు",IF(OR(G2>=3,H2>=1),"ఆపు","పెంచొచ్చు"))
```

ఈ హద్దులు మా ఫిజియో ఈ కుర్రాడికి పెట్టినవి. మీ ఆటగాడికి మీ ఫిజియో పెట్టినవి వాడుకోండి.

షీట్‌కు చేతగానివీ ఉన్నాయి. బాగున్న కాలినే వారం రోజుల తేడాతో రెండుసార్లు కొలిస్తే ఒకటి రెండు కేజీలు అటూ ఇటూ అవుతుంది, కాబట్టి రెండు మూడు శాతం పెరిగిందని సంబరపడటానికీ లేదు, తగ్గిందని టెన్షన్ పడటానికీ లేదు. నెలకోసారి కొలిస్తే చాలు. కాటా కాలు కదలకుండా నెట్టిన బలమే చెబుతుంది. బోనస్ గీత తాకి వెనక్కి తిరుగుతుంటే చీలమండ పట్టుకుని లాగినప్పుడు మోకాలు ఏం చేస్తుందో అది చెప్పలేదు, దాన్ని కోర్టులోనే మెల్లగా పరీక్షించాలి. రెండు మోకాళ్లకూ దెబ్బలున్న వాళ్లకు పోల్చడానికి బాగున్న కాలే లేదు గనుక ఈ శాతాలు రెండూ పనికిరావు. ఫోన్లో ఇన్ని కాలమ్‌లు నింపడం కూడా విసుగే. ఆటగాడి కోసం రెండే గడులున్న గూగుల్ ఫారం చేసి షీట్‌కు కలిపాక ఆ గొడవ తగ్గింది.

మే నెలలో తీసిన ఆ 52 లేకపోయి ఉంటే I కాలమ్‌కు సెప్టెంబరు నాటి 45 ఆధారమయ్యేది, జనవరిలో అక్కడ 85.6 కనిపించేది, వాయిదా వేయమని వాళ్ల నాన్నను ఒప్పించడం చాలా కష్టమయ్యేది. అందుకే ఇప్పుడు సీజన్ మొదలయ్యేముందే, ఏ దెబ్బా లేని కుర్రాళ్లందరినీ బల్ల మీద కూర్చోబెట్టి రెండు కాళ్లూ కొలిచి ఒక ట్యాబ్‌లో రాసిపెడుతున్నాను. మనిషికి పది నిమిషాలు పడుతుంది.