గ్రాఫిక్స్ కార్డు లేని పీసీతో రెండేళ్లు: రెండో ర్యామ్ పడ్డాకే అసలు ఆట

ఈ పీసీ అంటే నాకు చాలా ఇష్టం. అయితే ఆ ఇష్టం కొన్నరోజే పుట్టలేదు. మూడు నెలల తర్వాత, రెండో ర్యామ్ స్టిక్ పెట్టిన రాత్రి పుట్టింది.

2023లో నా చేతిలో ఉన్నది 35 వేలు. దాదాపు ఆ డబ్బుకే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కన్సోల్ వచ్చేది. మా బాబాయి కొడుకు అదే కొన్నాడు. నేను రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ పెట్టి పీసీ కట్టించుకున్నాను. పాత మానిటర్ ఇంట్లో ఉండటం కలిసొచ్చింది. కానీ నన్ను పీసీ వైపు లాగింది ఒక్క ఆటే: జీటీఏ 5 రోల్‌ప్లే. ఆ రోల్‌ప్లే ఆడే ఫైవ్‌ఎం సర్వర్లు పీసీలో మాత్రమే నడుస్తాయి. కన్సోల్‌లో అదే జీటీఏ కొన్నా వాటిలోకి వెళ్లలేం. నా స్నేహితులంతా అక్కడే ఆడుతున్నారు.

5600జీలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి కార్డు తర్వాత కొనుక్కోవచ్చు అనుకున్నాను. తీరా ఆట పెడితే 1080పీలో, సెట్టింగులన్నీ తగ్గించినా, సెకనుకు 35 ఫ్రేములు దాటడం కష్టంగా ఉండేది. కారు వేగంగా నడిపితే చాలు, బొమ్మ ఆగి ఆగి కదిలేది. డ్రైవర్లు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, ఫ్యాన్ తుడిచాను. ఏం మారలేదు. తప్పు కొన్నానేమో అని టెన్షన్ పడ్డాను. ఆదివారాలు తమ్ముడి ఇంట్లో సిరీస్ ఎస్ చూసినప్పుడల్లా బాధేసేది.

ఒకరోజు టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే అసలు విషయం కనబడింది. `Slots used: 1 of 2` అని ఉంది, స్పీడు 2400 అని ఉంది. బిల్లు తీసి చూశాను: 16 జీబీ, 3200 ర్యామ్. షాపువాళ్లు 8 జీబీ స్టిక్కులు రెండు వేయకుండా 16 జీబీది ఒక్కటే వేశారు. పైగా ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు బయోస్‌లో ఆన్ చేయలేదు. మామూలు ఆఫీసు పనికి ఈ తేడా పెద్దగా తెలియదు. ఇక్కడ మాత్రం గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 స్టిక్కులు రెండు జంటగా నడిస్తే సెకనుకు 51.2 జీబీ దాకా డేటా వెళ్తుంది. ఒక్కటే 2400 మీద నడిస్తే 19.2 జీబీ. అంటే గ్రాఫిక్స్‌కు అందాల్సిన దానిలో సగం కూడా అందడం లేదు.

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి అదే కంపెనీ, అదే స్పీడు స్టిక్ ఇంకొకటి తెచ్చి ఖాళీ స్లాటులో పెట్టాను. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. పావుగంట పని. ఆ రాత్రి అదే రోడ్డు మీద, అదే కారుతో, ఫ్రేములు 60కి దగ్గరగా వచ్చాయి. వాలరెంట్ తక్కువ సెట్టింగుల్లో వంద దాటింది. మూడు నెలల దిగులు పోయి తెల్లవారుజాము దాకా ఆడుతూ కూర్చున్నాను. కార్డు లేకుండా 5600జీ కట్టించుకునేవాళ్లు షాపులోనే, డబ్బు ఇవ్వకముందే, ఆ పేజీ తెరిపించి చూడండి.

60 అన్నాను గానీ, అది మామూలు జీటీఏలో. జనం నిండిన రోల్‌ప్లే సర్వర్లో 40కి పడిపోతుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలైతే దీని వల్ల కాదు. ఫోర్జా హొరైజన్ 5 తమ్ముడి సిరీస్ ఎస్‌లో కనిపించే అందం ఇక్కడ రాదు. సోఫాలో ఇద్దరం కూర్చుని ఫుట్‌బాల్ ఆడాలన్నా వాడి ఇంటికే వెళ్తాను. వాడికీ ఒక ఇబ్బంది ఉంది. సిరీస్ ఎస్ స్టోరేజ్ 512 జీబీ అన్నదాంట్లో ఆటలకు మిగిలేది 364 జీబీ. పాత హార్డ్ డిస్కు తగిలిస్తే సిరీస్ ఎస్ కోసం చేసిన ఆటలు దాచుకోవచ్చు తప్ప అందులోంచి ఆడలేడు.

అందుకే ఏది కొనాలని అడిగితే, మీవాళ్లు ఏం ఆడుతున్నారో నేను ముందు అడుగుతాను. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, ఫైవ్‌ఎం అంటే పీసీ తప్పదు. వాలరెంట్ 2024లో కన్సోల్‌కి వచ్చింది కానీ పీసీలో ఉన్న స్నేహితులతో కలిపి ఆడనివ్వదు. క్రికెట్ 07 పాత సీడీ ఇంకా దాచుకున్నవాళ్లకు కూడా పీసీయే. ఇంట్లో టీవీ ఉండి, చదువుకీ పనికీ వేరే ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం సిరీస్ ఎస్‌తో తక్కువ తలనొప్పి. నాకు అలాంటి ల్యాప్‌టాప్ లేదు, ఆఫీసు పని కూడా దీని మీదే. ర్యామ్ ధరలు ఇప్పుడు బాగా పెరిగాయి, కాబట్టి నా లెక్క మీకు కుదరకపోవచ్చు.

జీటీఏ 6 ఇది రాసేనాటికి పీఎస్ 5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే ప్రకటించారు. పీసీకి ఎప్పుడో చెప్పేదాకా కార్డు కోసం దాచిన డబ్బు ముట్టుకోను.